కాలువ ఆగిపోయిన చోట పరావలయం ఏమవుతుంది?

(కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయంలో, ఒక ఆదివారం సాయంత్రం, రిటైరైన లెక్కల లెక్చరర్ ఒకాయన ఇంటర్ పిల్లలకీ, వాళ్ళతో వచ్చిన పెద్దవాళ్ళకీ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. లెక్కల మాస్టారు మాట్లాడతాడంటే ముందు వరుస ఎప్పుడూ ఖాళీయే, నాకు అలవాటే. తలా ఒక తెల్లకాగితం ఇచ్చారు కదా? దాన్ని అప్పుడే విసనకర్ర చేసేసుకోకండి. దానితో పనుంది.

ఇవాళ ఒక్కటే విషయం. బిందుపథం. మీ పుస్తకంలో ఉన్నదే. మనం ఒక షరతు పెడతాం. ఆ షరతుకి ఒప్పుకునే బిందువులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుకుతాం. అన్నీ కలిపి చూస్తే ఒక ఆకారం కనిపిస్తుంది. అంతే కదా? అంతే. కానీ ఆ "అన్నీ" అనే మాట దగ్గర కాస్త ఆగండి. అందులో రెండు మాటలున్నాయి. షరతుకి ఒప్పుకునే బిందువు ఒక్కటి కూడా బయట మిగిలిపోకూడదు. ఒప్పుకోని బిందువు ఒక్కటి కూడా లోపలికి రాకూడదు. పెళ్ళి భోజనాల్లాగే. పిలిచినవాళ్ళందరూ రావాలి, పిలవనివాడు ఒక్కడూ రాకూడదు. మన వైపు పెళ్ళిళ్ళలో ఈ రెండోది కుదరదనుకోండి, లెక్కల్లో మాత్రం కుదరాలి.

నేను ఇంటర్ చదివేటప్పుడు పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు. x-అక్షానికీ, 3x − 4y = 0 అనే రేఖకీ సమాన దూరంలో ఉండే బిందువుల బిందుపథం కనుక్కోమన్నారు. ఇదిగో, బోర్డు మీద రాస్తున్నాను. (x, y) అనే బిందువు నుంచి x-అక్షానికి దూరం ఎంత? y. రెండో రేఖకి దూరం? 3x − 4y ని 5 తో భాగించాలి. 5 ఎక్కడి నుంచి వచ్చింది? 3 వర్గం, 4 వర్గం కలిపితే 25, దాని వర్గమూలం. రెండూ సమానం అన్నాను. 5y = 3x − 4y. అంటే 9y = 3x. అంటే x = 3y. కింద రెండు గీతలు కొట్టి, సంతోషంగా తర్వాతి లెక్కకి వెళ్ళిపోయాను. సగం మార్కులు వచ్చాయి.

ఏం పోయింది చెప్పండి? ఎవరో అన్నారు... ఆఁ, మాడ్యులస్. గట్టిగా అనమ్మా, తప్పేం లేదు. దూరం ఎప్పుడూ రుణాత్మకం కాదు. y అని రాయకూడదు, |y| అని రాయాలి. అప్పుడు 5|y| = |3x − 4y|. రెండు వైపులా వర్గం చేయండి. 25y² = 9x² − 24xy + 16y². సర్దితే 3x² − 8xy − 3y² = 0. దీన్ని విడగొడితే (x − 3y)(3x + y) = 0. ఒక రేఖ కాదు, రెండు. x = 3y ఒకటి, y = −3x ఇంకొకటి. వాలులు 1/3, −3. గుణిస్తే −1. అంటే రెండూ ఒకదానికొకటి లంబం.

నమ్మకం లేకపోతే ఒక బిందువు వేసి చూసుకోండి. (1, −3) తీసుకోండి. x-అక్షం నుంచి దూరం 3. రెండో రేఖ నుంచి 3 + 12, అంటే 15, 5 తో భాగిస్తే 3. సరిపోయింది. ఈ బిందువు నా జవాబులో ఉందా? లేదు. పిలవాల్సిన చుట్టాన్ని పిలవలేదు, అందుకే సగం మార్కులు.

నాకు అప్పట్లో అర్థం కానిదేమిటంటే, రెండు రేఖలు ఖండించుకుంటే ఒక్క సందు కాదు, నాలుగు సందులు వస్తాయి. మీలో గన్నవరం వైపువాళ్ళు ఎవరైనా ఉన్నారా? పి.గన్నవరం అక్విడెక్టు చూశారు కదా. కింద వైనతేయ పోతూ ఉంటుంది, దాని మీదుగా కాలువ దాటుతుంది. అక్కడ నిలబడితే నదికీ కాలువకీ మధ్య ఎన్ని మూలలు? నాలుగు. ప్రతి మూలలోనూ రెండింటికీ సమదూరంలో నడిచే దారి ఒకటి ఉంటుంది. ఎదురెదురు మూలల్లోవి కలిసి ఒక తిన్నని గీత అవుతాయి. నాలుగు మూలలు, రెండు గీతలు. మన మనసుకి ఎప్పుడూ ఇరుకు మూలే ముందు కనిపిస్తుంది, వెడల్పు మూల గుర్తుకి రాదు.

సరే, దీన్ని ఇక్కడ ఉంచుదాం. మళ్ళీ వెనక్కి వస్తాను. ఇప్పుడు అసలు కథ.

మా అన్నయ్య వ్యవసాయం. నాకు చదువు అబ్బింది, ఆయనకి చేను అబ్బింది. మాది శివారు భూమి. శివారు అంటే ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. పంట బోదె వచ్చి, మా చేలో కొంత దూరం నడిచి, ఆగిపోతుంది. సార్వాకి ఇబ్బంది లేదు. దాళ్వాకి వంతుల నీళ్ళు, వచ్చినప్పుడే అందుకోవాలి. అందుకని అన్నయ్య చేలో ఒక బోరు వేయించాడు. బోదెలో నీళ్ళున్నప్పుడు ఆయిల్ ఇంజను బోదె గట్టు మీద పెట్టి తోడేవాడు, బోరుకి వేరే మోటారు ఉంది. రెండింటికీ పైపే. పచ్చటి డెలివరీ పైపు ఉంటుంది చూడండి, చాపలా చుట్టేసేది, గట్ల మీదుగా తిన్నగా పరిచేసేది, అది.

ఒక సెలవుల్లో నన్ను అడిగాడు. "ఒరే తమ్ముడూ, ఏ మడికి బోరు దగ్గర్నుంచి పైపు లాగితే తక్కువ పడుద్ది, ఏ మడికి బోదె దగ్గర్నుంచి లాగితే తక్కువ పడుద్ది? ప్రతిసారీ పరిచి చూసుకోవడం అవుతోంది. నువ్వు లెక్కలోడివి కదా, ఒక గీత గీసి చెప్పు." గీత గీసి చెప్పమన్నాడు చూశారా! బిందుపథం అనే మాట ఆయనకి తెలియదు, అడిగింది మాత్రం అదే. బోరుకీ బోదెకీ సమదూరంలో ఉండే బిందువులన్నీ ఎక్కడున్నాయి? ఆ గీతకి ఇవతల బోరు దగ్గర, అవతల బోదె దగ్గర.

కొలిచాం. బోదె తిన్నగా, పడమటి నుంచి తూర్పుకి వస్తుంది. బోరు దానికి సరిగ్గా 40 మీటర్ల దూరంలో ఉంది, ఉత్తరం వైపు. బోదెని x-అక్షం అనుకున్నాను. బోరుకి ఎదురుగా బోదె మీద ఉన్న చోటు మూలబిందువు. బోరు (0, 40). చేలో ఏదో ఒక చోటు (x, y). బోదెకి దూరం |y|. బోరుకి దూరం, పైథాగరస్. రెండూ సమానం, వర్గం చేస్తే:

x² + (y − 40)² = y²

y² అటూ ఇటూ కొట్టేసుకుంటుంది. మిగిలింది x² − 80y + 1600 = 0. అంటే y = x²/80 + 20. ఇదే పరావలయం. బోరు దాని నాభి, బోదె దాని నియతరేఖ.

ఇక్కడ ఒక్క నిమిషం. వర్గం చేసినప్పుడు పిలవనివాళ్ళు వస్తుంటారు, అందుకని వెనక్కి చూసుకోవాలి. ఇక్కడ వచ్చారా? రాలేదు. రెండు వైపులా ఉన్నవి దూరాలు, రెండూ ధనాత్మకం, వాటి వర్గాలు సమానమైతే అవీ సమానమే. పైగా y ఎప్పుడూ 20కి తక్కువ కాదు. అంటే బోదెకి దక్షిణం వైపున ఒక్క బిందువు కూడా లేదు. ఉండదు కూడా, బోదె దాటితే గానీ బోరు దగ్గరికి రాలేం కదా, అవతలివాడికి ఎప్పుడూ బోదే దగ్గర.

కొన్ని చోట్లు వేసి చూద్దాం. x = 0 అయితే y = 20. బోరుకీ బోదెకీ సరిగ్గా మధ్య, 20 మీటర్లు అటు, 20 ఇటు. x = 20 అయితే 25. x = 40 అయితే 40. దీన్ని గుర్తుపెట్టుకోండి, (40, 40), దీనితో పని పడుతుంది. x = 60 అయితే 65. x = 80 అయితే 100. ఈ ఆఖరిది సరిచూడండి. బోరుకి 80 అడ్డం, 60 నిలువు. 80, 60, వాటి కర్ణం 100. బోదెకి 100. బాగుంది.

కాగితం మీద చేను గీసి, మడులు గీసి, ఈ గీత లాగి అన్నయ్యకిచ్చాను. తూర్పు చివర ఒక మడి ఉంది. బోరుకి ఎదురు నుంచి 80 మీటర్లు తూర్పుకి, బోదె వరస నుంచి 90 మీటర్లు లోపలికి. గీత అక్కడ 100 దగ్గర ఉంది, మడి 90 దగ్గర. అంటే గీతకి కింద, బోదె వైపు. బోదె నుంచి 90 మీటర్లు, బోరు నుంచి 94 చిల్లర. "అన్నయ్యా, ఈ మడికి బోదె నుంచి లాగు, 90 మీటర్ల పైపు చాలు" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. నన్ను చేలోకి తీసుకెళ్ళాడు. ఆ మడి దగ్గర్నుంచి తిన్నగా దక్షిణానికి నడిపించాడు. 90 మీటర్లు నడిచాం. ఆగాడు. "ఇక్కడ ఇంజను పెట్టమంటావా?" అన్నాడు. చూస్తే అక్కడ మొగలి పొద ఉంది. బోదె లేదు. బోదె 40 మీటర్లు వెనకాలే, పడమటే ఆగిపోయింది. నా లంబం వచ్చి మొగలి పొదలో దిగింది.

నేను చేసిన తప్పేమిటి? లెక్కలో ఒక్క అంకె కూడా తప్పులేదు. బోదెని రేఖ అన్నాను. రేఖ అంటే అటూ ఇటూ అంతులేకుండా పోయేది. మా శివారు బోదెకి అంతు ఉంది! అంతు ఉన్నదానికి దూరం అంటే ఏమిటి? అన్నిటికంటే దగ్గరగా ఉన్న చోటికి దూరం. లంబం బోదె మీద దిగితే ఆ లంబమే దూరం. లంబం బోదె మీద దిగకపోతే? బోదె చివరే దగ్గర చోటు. కాబట్టి దూరం అంటే చివరి బిందువుకి దూరం.

ఇప్పుడు మళ్ళీ వేయండి. బోదె చివర (40, 0). మన మడి (80, 90). అడ్డం 40, నిలువు 90. 1600, 8100 కలిపితే 9700. వర్గమూలం 98.5. నేను 90 అన్నాను, నిజానికి 98.5. ఎనిమిదిన్నర మీటర్ల పైపు తక్కువొచ్చేది. బోరు నుంచి 94.3 మాత్రమే. అంటే ఆ మడి బోరుదే. నా గీత తప్పు.

మరి సరైన గీత ఏది? (40, 40) వరకూ పరావలయమే, పడమటి వైపు అంతా పరావలయమే, అందులో మార్పు లేదు. x 40 దాటిన తర్వాత షరతు మారిపోయింది. ఇక అక్కడ బోదె అంటే ఒక బిందువే, దాని చివర. బోరు (0, 40) కీ, బోదె చివర (40, 0) కీ సమదూరంలో ఉండేవి కావాలి. రెండు బిందువులకి సమదూరం అంటే ఏమిటి? ఆఁ... లంబ సమద్విఖండన రేఖ. ఇక్కడ అది ఏది? చూస్తేనే తెలుస్తోంది, y = x. కాబట్టి (40, 40) దగ్గర వంపు అయిపోయి, అక్కడి నుంచి తిన్నని గీత. (60, 60), (80, 80), అలా పోతుంది. పాత గీత 80 దగ్గర 100కి ఎక్కింది, కొత్త గీత 80 దగ్గరే ఉంది. ఆ మధ్యలో పడ్డ మడులన్నీ నేను బోదెకి రాసిచ్చేశాను, అవి బోరువి.

ఇంతవరకూ వచ్చాక ఒక అనుమానం రావాలి మీకు. వచ్చిందా? వంపు గీత వచ్చి తిన్నని గీతకి అతుక్కుంది కదా, ఆ అతుకు దగ్గర ములుకు లేస్తుందా, నున్నగా ఉంటుందా? కలనం తెలిసినవాళ్ళు అవకలనం చేయండి. y = x²/80 + 20. అవకలనం చేస్తే x/40. x = 40 దగ్గర 1. y = x వాలు ఎంత? 1. రెండూ ఒకటే! ములుకు లేదు. వంపు వంపుగా వచ్చి, ఆ క్షణంలో ఎటు చూస్తోందో అటే తిన్నగా వెళ్ళిపోయింది.

ఇది 40 అనే అంకె వల్ల కుదిరిందా? బోదె 55 దగ్గర ఆగితే కుదరదా? కుదురుతుంది. ఎక్కడ ఆగినా కుదురుతుంది. ఎందుకో కలనం లేకుండా చూపిస్తాను. కాగితాలు తీయండి.

కాగితాన్ని నిలువుగా పెట్టుకోండి. కింది అంచు మన బోదె. అంచుకి నాలుగు వేళ్ళు పైన, మధ్యలో ఒక చుక్క పెట్టండి. అది బోరు. ఇప్పుడు కింది అంచు మీద ఏదో ఒక చోటు పట్టుకుని, ఆ చోటు సరిగ్గా చుక్క మీదకి వచ్చేలా కాగితం మడవండి. గోటితో గట్టిగా రాయండి. విప్పండి. ఒక మడత గీత కనిపిస్తోందా? ఇప్పుడు అంచు మీద ఒక వేలు పక్కకి జరిగి, ఆ చోటుని చుక్క మీదకి మడవండి. విప్పండి. ఇంకో వేలు జరగండి. ఇలా ఒక పదిహేను, ఇరవై మడతలు. తొందరేం లేదు.

...అయిందా? దీపానికేసి పెట్టి చూడండి. ఎవరూ పరావలయం గీయలేదు. అందరూ తిన్నని మడతలే వేశారు. అయినా చుక్క చుట్టూ ఒక వంపు కనిపిస్తోందా లేదా? కనిపిస్తోంది. ఆ పాప కాగితం చాలా బాగా వచ్చింది, పక్కవాళ్ళకి చూపించమ్మా.

ఎందుకలా వచ్చింది? ఒక్క మడతని తీసుకుందాం. అంచు మీద Q అనే చోటుని F అనే చుక్క మీదకి మడిచాం. కాబట్టి ఆ మడత మీద ఏ బిందువు తీసుకున్నా F కీ Q కీ సమదూరమే. మడత అంటేనే అది. ఇప్పుడు Q దగ్గర అంచుకి లంబంగా పైకి ఒక గీత లేపండి. అది మడతని P దగ్గర తాకుతుంది. P నుంచి F ఎంత దూరమో Q అంత దూరం. పైగా PQ అంచుకి లంబం కాబట్టి అదే అంచుకి దూరం. అంటే P పరావలయం మీద ఉంది. సరే, అదే మడత మీద P కాకుండా ఇంకో బిందువు, R అనుకోండి. R నుంచి F ఎంతో Q అంతే. కానీ RQ ఏటవాలుగా ఉంది, లంబం కాదు. R నుంచి అంచుకి తిన్నగా దిగితే RQ కంటే తక్కువే అవుతుంది. అంటే R కి F కంటే అంచే దగ్గర. R పరావలయానికి బయట, అంచు వైపు ఉంది.

అర్థమైందా ఏం జరిగిందో? మడత మొత్తంలో P ఒక్కటే పరావలయం మీద ఉంది, మిగిలినవన్నీ దానికి ఒకే పక్కన బయట ఉన్నాయి. అంటే ఆ మడత పరావలయాన్ని P దగ్గర తాకి పోతోంది. స్పర్శరేఖ. ప్రతి మడతా ఒక స్పర్శరేఖ.

ఇప్పుడు మా అన్నయ్య చేలోకి రండి. బోదె ఆగిపోయిన చోటుని Q అనుకోండి. బోరుకీ ఆ Q కీ సమదూరంలో ఉండే రేఖ ఏది? Q ని బోరు మీదకి మడిస్తే వచ్చే మడతే! అది పరావలయాన్ని ఎక్కడ తాకుతుంది? Q కి తిన్నగా పైన. మన వంపు ఆగిపోయేది ఎక్కడ? Q కి తిన్నగా పైనే. అందుకే అతుకు కనిపించదు. బోదె ఎక్కడ ఆగినా, ఆగిన చోటి మడతే అక్కడి నుంచి గీత అవుతుంది.

బోరుని జరిపితే ఏమవుతుందని అడుగుతారు కొందరు. బోదెకి దగ్గరగా జరిపేకొద్దీ పరావలయం ఇరుకైపోతుంది. సరిగ్గా బోదె గట్టు మీదకే తెచ్చేస్తే, ఆ బోరు దగ్గర బోదెకి లంబంగా ఒక తిన్నని గీత మిగులుతుంది. "స్థిర బిందువు రేఖ మీద లేదు" అని పుస్తకంలో చిన్న మాట ఒకటి ఉంటుంది, చదవకుండా దాటేస్తాం. అది ఇందుకే.

ఇప్పుడు ఇందాక పక్కన పెట్టినదాని దగ్గరికి వస్తాను. ఖండించుకునే రెండు రేఖలు. గన్నవరం దగ్గర కాలువ, నది ఒకదాన్నొకటి దాటి పోయాయి. నాలుగు మూలలు, రెండు గీతలు. కానీ ధవళేశ్వరం దగ్గర అలా కాదు. అక్కడ గోదావరి చీలుతుంది. గౌతమి ఒక వైపు, వశిష్ఠ ఒక వైపు, మధ్యలో మనం. దాటడం లేదు, ఒక చోట మొదలై చెరో దిక్కుకి పోతున్నాయి. నిజానికి ఒక చోట అనడానికి కూడా లేదు. లంకల మధ్య ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని బ్యారేజీ నాలుగు ముక్కలుగా ఉంది. నదులు వంకర్లు కూడా. అవన్నీ మరిచిపోదాం. ఒక బిందువు దగ్గర్నుంచి రెండు తిన్నని కిరణాలు బయల్దేరాయి, మధ్య కోణం 60 డిగ్రీలు అనుకుందాం. గౌతమికీ వశిష్ఠకీ సమదూరంలో ఉన్నవాళ్ళు ఎవరు?

మధ్యలో పోయే సమద్విఖండన రేఖ మీద ఉన్నవాళ్ళు, సరే. వాళ్ళు కోనసీమ నడిబొడ్డున ఉన్నవాళ్ళు. ఇంకెవరైనా ఉన్నారా? ఇంకో గీత ఉందా, ఇందాకటిలాగ?

రాజమండ్రిలో నిలబడండి. చీలికకి ఎగువన. అక్కడి నుంచి గౌతమి పాయకి దగ్గర చోటు ఏది? చీలిక బిందువే. వశిష్ఠ పాయకి? అదీ చీలిక బిందువే. రెండు దూరాలూ ఒకటే. పక్కకి ఒక కిలోమీటరు జరగండి. అప్పుడూ దగ్గర చోటు చీలికే, రెండింటికీ. అప్పుడూ సమానమే. ఇంకో కిలోమీటరు జరగండి... గీత కాదది. ఎగువన ఉన్న ఒక పెద్ద ముక్క, ముక్కంతా బిందుపథమే!

ఆ ముక్క ఎంత? ఒక కిరణానికి లంబం దిగకుండా పోవాలంటే, చీలిక దగ్గర ఆ కిరణంతో 90 డిగ్రీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. రెండు కిరణాలతోనూ అలా ఉండాలి. చుట్టూ 360. అందులో కిరణాల మధ్య 60, బయట ఒక్కో కిరణానికి 90 చొప్పున 180. మిగిలింది 120. కాబట్టి చీలికకి వెనకాల 120 డిగ్రీల ముక్క. బిందుపథం అంటే గీతే అని మనకి అలవాటైపోయింది. షరతు రేఖల గురించైతే గీతే. కిరణాల గురించైతే ఒక గీత, దాని తోకకి ఒక విసనకర్ర. కంప్యూటరుతో మ్యాపుల మీద "నీకు దగ్గరిది ఏది" అని ముక్కలు కోసేవాళ్ళకి ఇది నిజంగానే తలనొప్పి. రెండు రోడ్లు ఒకే కూడలి దగ్గర కలిస్తే, ఆ విసనకర్రలో ఉన్న ఇల్లు ఏ రోడ్డుదో లెక్క తేల్చదు. వాళ్ళే ఒక నియమం పెట్టుకోవాలి.

కాబట్టి లెక్క చేతికి రాగానే దేన్ని చూస్తారు? సమీకరణం కాదు. "రేఖ" అన్నాడా, "రేఖాఖండం" అన్నాడా, "కిరణం" అన్నాడా, అది చూడండి. రేఖాఖండం అయితే ముందు దాని రెండు చివర్ల దగ్గరా లంబాలు లేపి తలాన్ని మూడు పట్టీలు చేసుకోండి. మధ్య పట్టీలో లంబదూరం, అటూ ఇటూ పట్టీల్లో చివరికి దూరం. ఏ పట్టీలో వచ్చిన జవాబుని ఆ పట్టీలోనే ఉంచండి. నేను చేసిందేమిటి? మధ్య పట్టీ గీతని తీసుకెళ్ళి పక్క పట్టీలో కూడా లాగేశాను. అన్నయ్య నడిపించే దాకా తెలియలేదు.

ప్రశ్నలుంటే అడగండి.

ఆఁ, చెప్పండి బాబాయ్ గారూ. ... అవును. అవును, మంచి ప్రశ్న. వెనక వాళ్ళకి వినపడలేదు కాబట్టి మళ్ళీ చెబుతాను. "పైపు అయితే గట్ల మీంచి తిన్నగా వేస్తాం మాస్టారూ, మనిషి నడవాలంటే గట్టు మీదే నడవాలి కదా, ఊడ్పు చేలో అడ్డం పడి నడవనివ్వరు కదా, అప్పుడు మీ గీత పనిచేస్తుందా?" అంటున్నారు.

పనిచేయదండీ. దూరం మారిపోయింది కదా. గట్లు బోదెకి సమాంతరంగా కొన్ని, లంబంగా కొన్ని, దగ్గర దగ్గరగా ఉన్నాయనుకుందాం. అప్పుడు దూరం అంటే అడ్డంగా ఎంత నడిచాం, నిలువుగా ఎంత నడిచాం, రెండూ కూడాలి. వర్గాలు లేవు, వర్గమూలాలు లేవు. ముందు బోదె ఆగకుండా పోతుందనుకుని చూద్దాం. బోరుకి దిగువన ఉన్న మడులకి, అంటే y 40 లోపు ఉన్నప్పుడు, బోరుకి నడక |x| + 40 − y, బోదెకి నడక y. సమానం చేస్తే y = (|x| + 40)/2. ఇది V ఆకారం, మధ్యలో 20 దగ్గర ములుకు, రెండు చేతులూ (40, 40), (−40, 40) దాకా. ఆ పైన? బోరుకి నడక |x| + y − 40, బోదెకి y. y పోయింది! |x| = 40. నిటారుగా రెండు గోడలు. (40, 60) వేసి చూడండి. బోరుకి 40 అడ్డం, 20 నిలువు, మొత్తం 60. బోదెకి 60. పరావలయం పోయి, కింద V, పైన రెండు గోడలు వచ్చాయి.

... మా బోదె సంగతా? 40 దగ్గర ఆగిపోయింది కదా, అప్పుడేమవుతుందంటారా? నేనూ ఇప్పుడే వేసి చూస్తాను, ఆగండి. x 40 దాటాక, y కూడా 40 దాటాక, బోదె చివరికి నడక x − 40 + y. బోరుకి నడక x + y − 40. అరే, రెండూ ఒకటే! ఏ x అయినా, ఏ y అయినా ఒకటే. ఇక్కడ కూడా గీత పోయి ముక్కే వచ్చింది, ఆ ఈశాన్యం మూలంతా. మన మొగలి పొద మడి వేసి చూద్దాం, (80, 90). బోరుకి 80, 50, మొత్తం 130. బోదె చివరికి 40, 90, మొత్తం 130. అంటే పైపుకైతే ఆ మడి బోరుది. అన్నయ్య కాళ్ళకి మాత్రం ఎటు నుంచి వచ్చినా 130 మీటర్లే.